ఫైబ్రోస్కాన్‌లో 11.2 వస్తే బయాప్సీ తప్పదా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. నాన్నకు షుగరు, ఫ్యాటీ లివర్ ఉన్నాయి. టిఫిన్ తిన్న గంటకు ఫైబ్రోస్కాన్ తీస్తే 11.2 వచ్చింది. సూది గుచ్చి ముక్క తీయాల్సిందేనా?

జవాబు: ఇప్పుడే అక్కర్లేదు. ముందు స్కాన్ మళ్లీ తీయించండి. తిన్న తర్వాత కాలేయానికి రక్తప్రవాహం పెరిగి అది గట్టిగా కనిపిస్తుంది. అందుకే కనీసం 3 గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి.

ఈ యంత్రం పక్కటెముకల మధ్య నుంచి చిన్న కంపనాన్ని పంపి, అది ఎంత వేగంగా సాగుతుందో కొలుస్తుంది. కాలేయం గట్టిపడిన కొద్దీ వేగం పెరుగుతుంది. ఆ గట్టిదనమే కిలోపాస్కల్‌లలో వచ్చే అంకె. అంటే జబ్బు వల్ల కాలేయంలో ఏర్పడే మచ్చను యంత్రం నేరుగా చూడదు. వాపు, గుండె వైఫల్యం వల్ల చేరిన రక్తం, పిత్తనాళంలో అడ్డంకి కూడా అంకెను పెంచుతాయి. కాబట్టి రక్తపరీక్షలో కాలేయ వాపును సూచించే ఎస్‌జీపీటీ బాగా పెరిగి ఉంటే 11.2ను అలాగే నమ్మకూడదు. రిపోర్టులో కొలతల మధ్య తేడా ఎంతో చెప్పే IQR/Med 30 శాతం దాటినా అంతే.

పరగడుపున తీస్తే 8 లోపు వచ్చిందనుకుందాం. ఫ్యాటీ లివర్‌లో అప్పుడు ముదిరిన మచ్చలు ఉండే అవకాశం చాలా తక్కువ. బయాప్సీని ఎక్కువ మందికి తప్పిస్తున్నది ఈ భరోసాయే. 12 దాటితే ముదిరిన మచ్చలను గట్టిగా అనుమానించాలి. 8 నుంచి 12 మధ్యే ఉండిపోతే వయసు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లతో లెక్కగట్టే ఫిబ్-4 స్కోరును జతచేసి కాలేయ నిపుణుడు నిర్ణయిస్తారు. రెండూ పొసగకపోయినా, మరో కాలేయ జబ్బు అనుమానం ఉన్నా బయాప్సీ అవసరం కావచ్చు.