మామిడిలో దిగిన తీగ, కొబ్బరిలో మానని గాటు

ప్రశ్న: మా కొబ్బరితోట గట్టున ఒక మామిడి చెట్టు ఉంది. పదేళ్ల కిందట కంచె కోసం మామిడికి, పక్కనున్న కొబ్బరికి కలిపి ఇనుప తీగ చుట్టాను. ఇప్పుడు మామిడిలో తీగ లోపలికి దిగిపోయింది, పైకొమ్మలు ఎండుతున్నాయి. కొబ్బరికి మాత్రం తీగ వదులుగానే ఉంది. కానీ దింపు తీయడానికి కొబ్బరికి కొట్టిన గాట్లు ఏళ్లు గడిచినా పూడలేదు, ఒకదాంట్లోంచి ఎర్రటి నీరు కారుతోంది. మామిడికి పడిన గొడ్డలి గాటు రెండేళ్లలో మూసుకుపోయింది. ఎందుకిలా? ఏం చేయాలి?
– ఒక రైతు, అంబాజీపేట మండలం

జవాబు: ముందు మామిడి సంగతి చూడండి. ఆ తీగను ఈ వారంలోనే తెంపించాలి. ఎలాగో కింద చెబుతాను. అసలు రెండు చెట్లూ లోపల ఎలా తయారయ్యాయో తెలిస్తే మీరడిగిన వాటన్నిటికీ కారణం ఒక్కచోటే దొరుకుతుంది.

ఇంట్లోనే చూడొచ్చు. ఒక లేత బంతి కొమ్మ, ఒక లేత మొక్కజొన్న కాండం కోసి, ఎర్ర సిరా కలిపిన నీళ్లలో రెండు మూడు గంటలు నిలబెట్టండి. తర్వాత మొదలుకు నాలుగు వేళ్లు పైన కొత్త బ్లేడుతో అడ్డంగా, పల్చగా కోయండి. బంతి ముక్కలో ఎర్ర చుక్కలు అంచుకు దగ్గరగా గాజు చుట్టినట్టు వరసగా ఉంటాయి, నడుమ మెత్తటి బెండు ఉంటుంది. మొక్కజొన్న ముక్కలో చుక్కలు నువ్వులు చల్లినట్టు కాండమంతా చెదిరి, అంచున మరీ ఒత్తుగా ఉంటాయి. ఆ చుక్కలే నాళికాపుంజాలు. వేరు తాగిన నీటిని పైకి మోసే గొట్టాలు, ఆకు వండిన ఆహారాన్ని మోసే గొట్టాలు కట్టగా కలిసి అందులో ఉంటాయి. సిరా ఎక్కింది నీటి గొట్టాలకు మాత్రమే. మామిడి బంతి తరహా, ద్విదళబీజం. కొబ్బరి, తాటి, పోక మొక్కజొన్న తరహా, ఏకదళబీజాలు.

మామిడి పుంజంలో లోపలివైపు నీటి గొట్టాలు, బయటివైపు ఆహార గొట్టాలు, ఈ రెంటి మధ్య పల్చటి పొరలా కేంబియం ఉంటుంది. కణాలు విడిపోతూ కొత్త కణాలను పుట్టించే పొర ఇది. కొమ్మ ముదిరేకొద్దీ పుంజాల మధ్య ఖాళీల్లో కూడా ఈ పొర ఏర్పడి, చుట్టూ ఒకే వలయం అవుతుంది. అది లోపలికి కలపను, బయటికి కొత్త ఆహార గొట్టాలను చేరుస్తూ పోతుంది. మాను లావెక్కేది ఇలాగే. దీన్నే ద్వితీయ వృద్ధి అంటారు. అంటు కట్టేటప్పుడు బెరడు ఒలిస్తే కలప మీద తడిగా, జారుడుగా తగులుతుంది చూడండి, కేంబియం ఉన్న చోటు అదే. వేరుమొక్క కేంబియం, కొమ్మ కేంబియం ఒకదానికొకటి తగిలితేనే అంటు అతుక్కుంటుంది. కొబ్బరికి ఒలిచే బెరడూ లేదు, ఆ పొరా లేదు. అందుకే కొబ్బరికి అంటు కట్టలేం.

మీ మామిడి లోపలి నుంచి లావెక్కుతుంటే తీగ మాత్రం సాగదు. గట్టి కలపకూ, తీగకూ మధ్య ఆహార గొట్టాలు నలిగిపోయాయి. కలపలోంచి నీళ్లు పైకి వెళ్తూనే ఉంటాయి కాబట్టి ఆకులు చాలాకాలం పచ్చగానే కనిపిస్తాయి. ఆకు వండిన ఆహారం తీగ దగ్గరే ఆగి, పైభాగం గూడు కట్టినట్టు ఉబ్బుతుంది, కిందిభాగం సన్నంగా ఉండిపోతుంది. ఇలాంటి చెట్టు ఒక ఏడాది విరగపూయడం కూడా జరుగుతుంది. చెట్టు బాగుందని మురిసిపోయేలోపు వేర్లు ఆకలితో చస్తుంటాయి. వేర్లు చచ్చాక నీళ్లు అందక పైకొమ్మలు ఎండుతాయి. మీ చెట్టు ఇప్పుడు ఈ దశలో ఉంది.

కొబ్బరిలో పుంజాలు మూసుకుని ఉంటాయి. వాటిలో కేంబియం ఉండదు, ప్రతి పుంజం చుట్టూ గట్టి నారల తొడుగు ఉంటుంది. పడిపోయిన కొబ్బరి మానును రంపంతో కోసినప్పుడు చూడండి. వలయాలు కనిపించవు, నల్లటి చుక్కలే కనిపిస్తాయి. అంచున చుక్కలు కిక్కిరిసి ఉండటం వల్లే దూలాలకు బయటి భాగం పనికొస్తుంది, మధ్యది మెత్తగా ఉండి పనికిరాదు. మరి అంత లావు ఎలా వచ్చింది? మొదటి నాలుగైదేళ్లు మాను పైకి లేవదు. మొవ్వు కింద పెరిగే భాగం నేల దగ్గరే వెడల్పవుతుంది. ఆ వెడల్పు కుదిరాకే మాను లేస్తుంది, లేచాక దాదాపు అంతే లావుగా సాగుతుంది. కరువొచ్చిన ఏడు తయారైన భాగం నడుము కట్టినట్టు సన్నబడితే, చెట్టు బతికున్నంతకాలం అలాగే ఉండిపోతుంది, తర్వాత ఎంత ఎరువు వేసినా పూడదు. మీ తీగ వదులుగా ఉండటానికీ కారణం ఇదే.

గాయం విషయంలో కొబ్బరికి నష్టం. మామిడి గాటు అంచుల్లోని కేంబియం కొత్త కణాలను పుట్టించి, రెండు వైపుల నుంచీ పెదవులు మూసినట్టు మూసేసింది. కొబ్బరి గాటుకు అలా మూసే కణాలు లేవు. చెట్టు చావదు, ఎందుకంటే పుంజాలు మానంతా పరుచుకుని, ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. కొన్ని తెగినా మిగతావి పని చేస్తాయి. కానీ గాటు పడింది బలమంతా ఉన్న బయటి వలయంలో. అందులో నీరు నిలుస్తుంది, తెగులు చేరుతుంది, ఎర్రముక్కు పురుగు గుడ్లు పెడుతుంది.

ఇక చేయాల్సిన పని. మామిడి తీగను రెండు మూడు చోట్ల కట్టర్‌తో తెంపి, వచ్చిన ముక్కలు లాగేయండి. లోపల కూరుకుపోయిన ముక్కను ఉలితో తవ్వకండి, మిగిలిన కాస్త బతికున్న బెరడూ పోతుంది. దాన్ని అలా వదిలేసినా కేంబియం దాని మీదుగా పెరిగి కప్పేస్తుంది. ఎండిన కొమ్మలు పచ్చిభాగం దాకా కోసి, కోతలకు బోర్డో పేస్టు రాయండి. తీగ కింద బెరడు గోకితే చుట్టుకొలతలో కొంతైనా పచ్చగా ఉంటే చెట్టు తేరుకుంటుంది. చుట్టూ గోధుమరంగులోకి మారి ఉంటే ఆశ తక్కువ.

కొబ్బరి దగ్గర ముందు మానుకు చెవి ఆనించి వినండి. లోపల కొరుకుతున్న చప్పుడు వచ్చినా, రంధ్రాల్లోంచి నమిలిన పీచు బయటికొస్తున్నా అది ఎర్రముక్కు పురుగు. దానికి మందు వేరు, మీ మండల ఉద్యాన అధికారికి వెంటనే చూపించండి. చప్పుడు లేక, ఎర్రటి నీరు కారి నల్లగా చారలు కట్టి ఉంటే అది కాండం నుంచి నీరు కారే శిలీంధ్రపు తెగులు. కుళ్లిన భాగాన్ని ఉలితో ఆరోగ్యమైన కణజాలం తగిలేదాకా తీసేయండి, అంతకంటే లోతుకు పోవద్దు, తవ్వింది మళ్లీ పూడదు. కింది అంచును బయటికి వాలుగా చెక్కండి, వాననీరు నిలవదు. చెక్కిన ముక్కలు తోటలో వదలకుండా కాల్చేయండి.

బోర్డో పేస్టుకు అర లీటరు నీళ్లలో 100 గ్రాముల మైలుతుత్తం, మరో అర లీటరులో 100 గ్రాముల సున్నం వేర్వేరు ప్లాస్టిక్ పాత్రల్లో కలిపి, తర్వాత రెండూ ఒకటి చేయండి. ఇనుప కత్తి ముంచితే ఎర్రటి పూత పట్టిందంటే సున్నం చాలలేదు, ఇంకొంచెం కలపండి. అదేరోజు వాడేయాలి. పేస్టు రాసి ఆరిన రెండు రోజులకు పైన తారు పూయండి. చెట్టుకు 5 కిలోల వేపపిండి వేసి, పాదులో నీరు నిలవకుండా చూడండి. కారని పాత గాట్లకు కూడా పేస్టు, తారు పూయించండి. దింపు తీసేవాళ్లను ఇకపై మోకుతోగానీ, ఎక్కే యంత్రంతోగానీ ఎక్కమనండి. కొబ్బరి మీది తీగ కూడా తీసేసి, కంచెకు సిమెంటు స్తంభాలు పాతించండి.