పండగ క్యాష్‌బ్యాక్, లక్కీ డ్రా రూల్స్ గొడవ రాకుండా ఎలా రాయాలి?

"పండగ ఆఫర్‌కి క్యాష్‌బ్యాక్, లక్కీ డ్రా రెండూ పెడుతున్నాం. ఎవరు అర్హులు, ఏ తేదీల వరకు, విజేతని ఎలా తీస్తారు అన్నది స్పష్టంగా ఎలా రాయాలి?"

ముందు ఆ రెంటినీ విడదీయండి. క్యాష్‌బ్యాక్ షరతులు తీర్చిన ప్రతివారికీ వస్తుంది, డ్రా కొందరికే తగులుతుంది. ఒకే పేరాలో కలిపి రాస్తే, డ్రాలో పేరు రానివాళ్లు క్యాష్‌బ్యాక్ కూడా పోయిందనుకుంటారు.

ఎక్కువ తగాదాలు చివరి రోజు రాత్రే వస్తాయి. 11:58కి ఆర్డర్ పెట్టారు, పేమెంట్ 12:03కి పూర్తయింది. "31వ తేదీ వరకు" అని మాత్రమే ఉంటే కొన్నవారిదీ మీదీ, ఇద్దరి వాదనా నిజమే. అందుకే ఇలా రాయండి: "31వ తేదీ రాత్రి 11:59:59లోపు పేమెంట్ విజయవంతమైన ఆర్డర్లే లెక్కలోకి వస్తాయి. సమయం మా సర్వర్ రికార్డు ప్రకారం."

కనీస బిల్లు డిస్కౌంట్‌కి ముందా, తర్వాతా అన్నదీ చెప్పాలి. సరుకు వాపసు చేస్తే క్యాష్‌బ్యాక్ రద్దవుతుందని కూడా.

డ్రాకి "కంప్యూటర్ ద్వారా ఎంపిక" అన్న మాట చాలదు. నా సలహా ఇది: "వాపసు గడువు ముగిశాక అర్హులైన ప్రతి ఆర్డర్‌కీ ఒక వరుస సంఖ్య ఇస్తాం. ఆ జాబితాని ఇక మార్చం. ఫలానా తేదీన అందులోంచి యాదృచ్ఛికంగా ఒక్కో బహుమతికి ఒక్కో సంఖ్య తీస్తాం. ఒకరికి ఒకే బహుమతి. విజేత 7 రోజుల్లో స్పందించకపోతే, డ్రా రోజే తీసిపెట్టిన రిజర్వు సంఖ్యకి బహుమతి వెళ్తుంది." రిజర్వుని తర్వాత తీస్తే మాత్రం అనుమానాలు తప్పవు. సిబ్బందికి, వాళ్ల కుటుంబాలకి ప్రవేశం లేదన్న వాక్యం అర్హతలో మొదటే ఉండాలి.