రూటు ఎకరాల్లో కొలవండి, మనుషుల్ని కాదు

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల మేత కంపెనీలో ఫీల్డ్ స్టాఫ్‌గా చేస్తున్నాం. మా ఏరియా మేనేజరు ఇద్దర్ని బహిరంగంగానే నెత్తిన పెట్టుకుంటాడు. మంచి రూట్లు, మంచి డీలర్లు వాళ్ళకే. మిగతా ఐదుగురం ఏం చేయాలి?

జవాబు:

ముందు ఒక మాట మానేయండి: "మీరు వాళ్ళనే చూస్తున్నారు సార్". ఈ మాట ఎన్నిసార్లు అన్నా మేనేజరు దగ్గర ఒకటే సమాధానం ఉంటుంది. "వాళ్ళు పని చేస్తున్నారు, మీరు చేయట్లేదు." టార్గెట్టు అందుకున్న నెల షీటు తీసి చూపిస్తాడు. షీటులో వాళ్ళు ముందుంటారు మరి. ఎందుకున్నారో షీటులో ఉండదు, అది మీరు తయారు చేయాలి.

మేత అమ్మకాల్లో పక్షపాతం ఎక్కువగా టార్గెట్టు అంకెలో దాక్కుంటుంది. ఉదాహరణకి, పైకి చూస్తే ఇష్టుడికి నెలకు 36 టన్నులు, మీకు 27 టన్నులు అనుకుందాం. బస్తా 25 కిలోలు కాబట్టి అతనికి 1,440 బస్తాలు, మీకు 1,080. చూసినవాళ్ళు "వాడికే ఎక్కువ బరువు పెట్టాడు కదా, మేనేజరు ధర్మరాజు" అంటారు. కానీ అతని ఊళ్ళలో నీళ్ళు పెట్టి పిల్ల వేసిన చెరువులు 400 ఎకరాలు, మీ ఊళ్ళలో 150. అసలు సంగతి అక్కడుంది.

ఎకరానికి లక్ష వనామీ పిల్ల వేశారనుకుంటే నెల వయసు చెరువు రోజుకు సుమారు 15 కిలోల మేత తింటుంది. 80 రోజులు దాటితే 30 కిలోల పైనే. చిన్నా పెద్దా అన్ని వయసుల చెరువులూ కలిసిన ఊళ్ళో సగటున ఎకరానికి రోజుకు 20 కిలోలు వేసుకోవచ్చు, అంటే నెలకు 600 కిలోలు. అతని రూట్లో అన్ని కంపెనీలదీ కలిపి నెలకు 240 టన్నుల మేత పోతుంది, అందులో అతను 15 శాతం అమ్మితే చాలు. మీ రూట్లో 90 టన్నులే పోతుంది, మీరు 30 శాతం అమ్మాలి. అంటే మీ ఊళ్ళో ప్రతి పది బస్తాల్లో మూడు మీవే కావాలి, అతనికి ఒకటిన్నర చాలు. ఈ లెక్క ముందు పెడితే "పని చేయట్లేదు" అనడం కష్టం.

దీనికి కావలసిన నోటుబుక్కు పెద్దదేమీ కాదు. మీరు రోజూ చెరువు గట్ల మీదే తిరుగుతారు కదా, ఊరి పేరు, ఎకరాలు, పిల్ల వేసిన తేదీ, ఏ కంపెనీ మేత వాడుతున్నారు, ఈ నాలుగూ రాసుకోండి. తేదీ తప్పకుండా ఉండాలి. ఇరవై రోజుల చెరువుల్ని ఎనభై రోజుల వాటితో సమానంగా లెక్కేస్తే మీ లెక్కే తప్పుతుంది, మేనేజరు ఆ ఒక్క తప్పు పట్టుకుని మొత్తం కొట్టిపారేస్తాడు. పట్టుబడి అయిపోయి ఎండగట్టిన చెరువుల్ని తీసేయండి. తెల్లమచ్చ రోగం వచ్చి మధ్యలో ఎత్తేసినవీ తీసేయండి. ఇష్టుడి రూటు ఎకరాలు కూడా మీకు కావాలి. అవి చాటుగా సేకరించొద్దు. ఆ ఊళ్ళ డీలరు కొట్టు దగ్గర టీ తాగుతూ అడిగితే ఎవరి చెరువులు ఎన్నో డీలరే చెప్తాడు, ఇందులో రహస్యం లేదు.

ఐదుగురూ కలిసి ఒకేసారి మేనేజరు రూములోకి వెళ్ళకండి. ఐదుగురు వెళ్తే ఆయనకు వినిపించేది తిరుగుబాటు. ఒక్కరు వెళ్ళండి. నెలాఖరున ఆయన కలెక్షన్ల గొడవలో ఉంటాడు, అప్పుడొద్దు. కొత్త నెల టార్గెట్టు షీటు వేసే రెండు రోజుల ముందు వెళ్ళండి. ఇష్టుడి పేరు ఎత్తకుండా, చేతిలో కాగితంతో:

"సార్, మా మూడు ఊళ్ళలో నడుస్తున్నవి 150 ఎకరాలు. 27 టన్నులంటే 30 శాతం అవుతుందండి. పక్క రూటుకి 15 పడింది. సరిహద్దులో ఉన్న రెండు ఊళ్ళు, 80 ఎకరాలు, ఇటు కలిపితే ఇద్దరికీ 19, 20 శాతం దగ్గర వస్తుంది. లేదంటే మా టార్గెట్టు 18 టన్నులకు దించండి."

ఇక్కడ చూడండి, అడిగింది న్యాయం కాదు, రెండు ఊళ్ళు. ఆయన ఒప్పుకున్నా ఇష్టుడికి పెద్ద నష్టం లేదు, 320 ఎకరాల మీద 36 టన్నులంటే అతనిది ఇంకా 19 శాతం లోపే. పైగా ఆయన ముఖం పోకుండా దిగొచ్చే మెట్టు ఉంది. అదే రోజు వాట్సాప్‌లో రెండు లైన్లు పంపండి: "ఇందాక మాట్లాడినట్టు రెండు ఊళ్ళ సంగతి చూస్తామన్నారు, థాంక్యూ సార్." ఇది బెదిరింపు కాదు, తేదీతో కూడిన గుర్తు.

ఇంకో చోట మోసం జరిగేది బిల్లింగులో. నెల చివరి మూడు రోజుల్లో మీ డీలరు ఆర్డరు ఇష్టుడి కోడు మీద బిల్లవుతుంది, "ఎవరిదైతే ఏంటి, కంపెనీ అమ్మకమే కదా" అంటారు. డీలరు ఇండెంటు ఫోన్లో నోటితో తీసుకోకండి. మెసేజీగా పెట్టించుకుని, మీ కోడు రాసి ఆఫీసుకు అదే రోజు పంపండి. వచ్చిన ఇన్‌వాయిస్ ఫోటో తీసి పక్కన పెట్టుకోండి. రెండు నెలలు ఇలా చేస్తే చాలామంది మేనేజర్లు ఈ పని వాళ్ళంతట వాళ్ళే ఆపేస్తారు, కనిపెట్టేవాడున్నాడని తెలుస్తుంది కాబట్టి.

హెడ్డాఫీసుకు ఆకాశరామన్న ఉత్తరం మాత్రం వద్దు. ఏడుగురి టీములో రాసిందెవరో పోల్చుకోవడానికి ఒక పూట చాలు, ఇద్దర్ని తీసేస్తే మిగిలింది మీరే. ఉత్తరం రాసేవాళ్ళు ఎప్పుడూ అంకెలు రాయరు, "ఒక ఊరివాళ్ళు, ఒక కాలేజీవాళ్ళు" అని రాస్తారు. ఇంకోటి కూడా రాస్తారు, అదేంటో మన జిల్లాలో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. అది నిజమే కావచ్చు, కానీ పైవాడు దాన్ని రుజువు చేయమంటే మీరు ఆగిపోతారు. 30 శాతం, 15 శాతం అంటే ఆగక్కర్లేదు.

ఒకటి మాత్రం విడిగా చూడాలి. మంచి రూటుకు బదులుగా ఎవరైనా ఆడపిల్ల నుంచి వేరే ఏదైనా ఆశిస్తుంటే అది పక్షపాతం లెక్క కాదు. 2013 చట్టం ప్రకారం అలాంటి ఆశ చూపడం లైంగిక వేధింపు కిందికే వస్తుంది, దానికి ఇంటర్నల్ కమిటీ దగ్గరికి వెళ్ళాలి, మేనేజరు దగ్గరికి కాదు.

సంక్రాంతి సెలవుల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే పక్షపాతం అందరికీ కళ్ళారా కనపడేది అప్పుడే. భోగి నుంచి కనుమ దాకా ఇష్టులు పందెం బరుల దగ్గర, మిగతావాళ్ళు డీలర్ల బకాయిల దగ్గర. దీనికి వాదన పెట్టుకోవద్దు. డిసెంబరు మొదటి వారంలోనే ఏడుగురి పేర్లతో వంతుల చీటీ మీరే రాసి "సార్, పోయినేడు సెలవు తీసుకున్నవాళ్ళు ఈసారి డ్యూటీ" అని గ్రూపులో పెట్టండి. గ్రూపులో అందరి ముందూ కాదనడం ఆయనకు ఇబ్బంది.

ఇష్టులిద్దరితో తగువు పెట్టుకోకండి. వాళ్ళలో ఒకడు నిజంగా బకాయిల వసూలులో దిట్ట అయుండొచ్చు, మేనేజరు నిద్రపోయేది అతని మీద భరోసాతోనే కావచ్చు. అలాగైతే అతను ఏ డీలరుకి ఎన్ని రోజులు గడువిస్తున్నాడో గమనించండి, మీ దగ్గర లేనిది అక్కడే దొరకొచ్చు. వసూళ్ళలో సమానమయ్యాక కూడా ఊళ్ళు మారకపోతే అప్పుడు అది పక్షపాతమే.

రెండు పంటలు చూసినా కదలకపోతే వేరే కంపెనీ చూసుకోండి. రొయ్య మేతలో డీలరు మనిషిని చూసి వస్తాడు, అందుకని మీ నోటుబుక్కుకి అక్కడా విలువుంటుంది. చాలాచోట్ల ఇన్సెంటివ్ బిల్లు మీద కాదు, వసూలు మీద పడుతుంది. మీ డీలర్ల బకాయి జమయ్యి ఇన్సెంటివ్ ఖాతాలో పడ్డాకే రాజీనామా కాగితం ఇవ్వండి.