యాడ్ ఎందుకు పనిచేయలేదో తేల్చకుండా దారి మార్చకండి

ప్రశ్న: మా అబ్బాయి బీకామ్ అయ్యాక హైదరాబాద్‌లో మూడు నెలలు డిజిటల్ మార్కెటింగ్ నేర్చుకుని, నల్లగొండలో మా బంధువుల వాటర్ ప్యూరిఫయర్ షాపుకు ఫేస్‌బుక్‌లో యాడ్స్ పెట్టాడు. 12,000 రూపాయలు పోయాయి, రెండు మిషన్లే అమ్ముడయ్యాయి. యాడ్ ఎవరికి చూపించాలో ఎంచుకునే టార్గెటింగ్ తప్పిందంటున్నాడు. మాన్పించి బ్యాంకు కోచింగ్‌లో చేర్పించమంటారా? వాడి లెక్కలు జతచేశాను.
— ఒక తండ్రి, నల్లగొండ

జవాబు: అయ్యా, మీ అబ్బాయి పంపిన స్క్రీన్‌షాట్లతో పాటు యాడ్ చూసి షాపు వాట్సాప్‌కు వచ్చిన 180 మంది మెసేజ్‌లను కూడా పూర్తిగా చదివాను. మీరు డబ్బు లెక్క అడిగారు కానీ, ఆ మెసేజ్‌లలో జనం ఏమన్నారో ఒక్కసారైనా అడిగినట్లు లేదు. నిజమైన జవాబు అక్కడే ఉంది. అది టార్గెటింగ్ తప్పిందన్న మాటను బలపరచడం లేదు.

ఇలాంటి పరిశీలనను అమ్మకం దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడవాలి. అడిగినవాళ్లు అసలు కొనగలిగినవాళ్లేనా అన్నది మొదటి ప్రశ్న. 180 మందిలో 52 మంది ఒక్క 'హాయ్' పెట్టి మళ్లీ పలకలేదు. 41 మంది హాస్టల్ పిల్లలు, అద్దె గదులవాళ్లు, పొరుగూళ్లవాళ్లు. ఊరి పేరు పెట్టి యాడ్ ఇచ్చినా, పని మీద ఆ ఊరికి వచ్చి వెళ్లినవాళ్లకు కూడా అది కనిపిస్తుంది కనుక ఇంతమాత్రం వృథా సహజమే. మిగిలిన 87 మంది నల్లగొండ చుట్టుపక్కల సొంతిల్లు ఉన్న కుటుంబాలవాళ్లు. ఈ 41, ఆ 87 తారుమారై ఉంటే టార్గెటింగ్‌దే తప్పని నేనూ ఒప్పుకునేవాణ్ని.

ఆ 87 మందిలో 63 మంది దాదాపు ఒకే మాట దగ్గర ఆగిపోయారు. ఒకావిడ ఇలా రాసింది: "మా వీధిలో 20 లీటర్ల క్యాన్ పది రూపాయలు. మీ మిషన్‌కు ఏడాదికి ఫిల్టర్ల ఖర్చెంత?" షాపువాళ్లు 4,000 అని చెప్పగానే ఆమె మళ్లీ మాట్లాడలేదు. రోజు విడిచి రోజు ఒక క్యాన్ చొప్పున ఏడాదికి సుమారు 1,800 రూపాయలవుతాయి. మిషన్ ధర 13,500 పక్కన పెట్టినా, సర్వీసు ఖర్చు ఒక్కటే క్యాన్ల ఖర్చుకు రెట్టింపు దాటుతోంది. సరైన మనుషులు వచ్చి, యాడ్ అర్థం చేసుకుని, ధర విని వెనుదిరిగితే అది ఆఫర్ బలహీనత, అంటే ఏ ధరకు ఏమిస్తున్నామన్న దానిలోనే లోపం. పోస్టర్ మీద వేసిన పది శాతం తగ్గింపు ఈ లెక్కను మార్చలేదు.

క్రియేటివ్, అంటే యాడ్‌లో చూపించిన బొమ్మ లేదా వీడియో, గురించి మాత్రం అంత గట్టిగా చెప్పలేను. పండుగ పోస్టరూ, షాపు యజమాని వాడేసిన ఫిల్టర్ విప్పి అందులోని పసుపు మడ్డి చూపించిన వీడియో, చెరో 80,000 సార్లు కనిపించాయి. పోస్టర్‌కు 720 క్లిక్కులు వస్తే వీడియోకు 1,680 వచ్చాయి. వీడియో జనాన్ని ఆపిందన్నది స్పష్టమే. కానీ ఆ 87 మందిని ఏది తెచ్చిందో తెలియదు, ఎందుకంటే రెండు యాడ్‌ల నుంచీ వాట్సాప్‌లో ఒకే మొదటి వాక్యం వచ్చేలా పెట్టాడు. ఒక్కో యాడ్‌కు వేరే వాక్యం పెట్టి ఉంటే ఈ సంగతి తేలిపోయేది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఎవరు ఏ యాడ్ దగ్గర ఆగుతారో చూసి ఫేస్‌బుక్ అలాంటివారికే దాన్ని ఎక్కువగా చూపిస్తుంది కాబట్టి, క్రియేటివ్ కొంతవరకు టార్గెటింగ్ పని కూడా చేస్తుంది. అందుకే ఈ రెండింటినీ పూర్తిగా విడదీయడం ఎప్పుడూ కష్టమే.

ఈ రంగం మీద నాకున్న సందేహం ఇక్కడే. మూడు నెలల కోర్సుల్లో బటన్లు ఎక్కడున్నాయో చెబుతారు. పోయిన డబ్బు ఎక్కడ పోయిందో వెతకడం నేర్పే చోట్లు నాకు చాలా తక్కువగా కనిపించాయి. అందుకే ఓడిన ప్రతి కుర్రవాడూ టార్గెటింగ్ అంటాడు. షాపువాళ్లను, ముఖ్యంగా బంధువులను, మీ ఆఫరే బాగోలేదనడం కష్టం కదా.

ఇప్పుడు కొత్త యాడ్‌కు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. సర్వీసు ఖర్చు కూడా కలిపి నెలకు ఇంత అద్దె అని, షాపుకు గిట్టే ఒక ధరను మీ బంధువులతో ముందు తేల్చుకోమనండి. తరువాత ఆ 63 మందికి అబ్బాయే ఫోన్ చేయాలి. మనుషులు వాళ్లే, చూసిన యాడ్‌లూ అవే, మారింది ఆఫర్ ఒక్కటే కాబట్టి ఫలితం చాలావరకు దాని గురించే చెబుతుంది. పది పన్నెండు మంది ఒప్పుకుంటే తప్పు ఆఫర్‌లోనే ఉందని తేలినట్లు. ఇద్దరో ముగ్గురో ఒప్పుకుంటే ఏమీ తేలనట్లే, అంత చిన్న తేడా యాదృచ్ఛికంగానూ రావచ్చు. ఆలస్యమైతే వాళ్ల ఆసక్తి చల్లారి కొత్త ఆఫర్ మీద అనవసరంగా నింద పడుతుంది, కనుక ఈ వారంలోనే చేయించండి.

బ్యాంకు పరీక్షలకు దరఖాస్తు చేయడానికి ఇది అడ్డు కాదు, అవీ రాయవచ్చు. ఎవరు ఏమన్నారో, ఏ మాట దగ్గర ఆగారో ఫోన్ పెట్టేసిన వెంటనే అబ్బాయి చేత ఒక నోటుపుస్తకంలో రాయించి, ఆ పేజీల ఫోటోలు నాకు పంపండి.