మస్కాట్ బొమ్మ ఊతపదం అతికించినట్టు ఉంటోంది

"మాది హైదరాబాద్‌లో బేకరీ. ఉస్మానియా బిస్కట్ల కోసం 'బాబాయి' అనే బొమ్మ పాత్రతో షార్ట్‌లు చేస్తున్నాం. రాసేవారు ఇద్దరు. ఒకదాంట్లో కోపిష్టి, ఇంకోదాంట్లో జోకర్. 'తొందరేముంది, చాయ్ ఉందిగా!' అనే మాట కూడా అతకడం లేదు."

మీరు మాటను ఖాయం చేశారు, అది ఏ సందర్భంలో రావాలో ఖాయం చేయలేదు. అందుకే ఎవరికి తోచినచోట వారు పెడుతున్నారు.

1. స్వభావం ఒక్క వాక్యంలో రాయండి: ఊరంతా పరుగెడుతున్నా బాబాయి పరుగెత్తడు. కిందనే అతను ఎన్నడూ చేయనివి రెండు: గొంతు పెంచడు, కొనేవారిని వెక్కిరించడు. కోపిష్టి, జోకర్ ఇద్దరూ ఇక్కడే ఆగిపోతారు.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఊతపదానికి ఒక షరతు. ఎదుటివారి తొందర వల్ల ఏదో ఒకటి చెడాలి, ఆ తర్వాతే మాట. ఉదాహరణకు, మెట్రోకు ఆలస్యమవుతోందని ఒక కుర్రాడు బిస్కట్‌ను చాయ్‌లో ముంచి ఫోను చూస్తుంటాడు. నానిన సగం విరిగి కప్పు అడుగుకు చేరుతుంది. బాబాయి మారుమాట లేకుండా చెంచా అందిస్తాడు. అప్పుడు అంటాడు, ఒక్కసారే, నెమ్మదిగా. ఆ పైన ఇంకో డైలాగు వద్దు. అదే మాటను మొదట్లోనే అనిపిస్తే ఉత్త ప్రకటన అవుతుంది.

3. ఊతపదం పలికిన వాటిలో నచ్చిన ఒక రికార్డింగు దాచి, డబ్బింగుకు ముందు ప్రతిసారీ కళాకారుడికి వినిపించండి. అదే క్లిప్పును మళ్లీ మళ్లీ వాడితే మాత్రం అతుకు తెలిసిపోతుంది.

పరీక్ష: స్క్రిప్టులో ఊతపదం కొట్టేసి చదవండి. బాబాయి మిగతా మాటలు ఇంకో పాత్రకు ఇచ్చినా కథ నడుస్తుంటే తిరిగి రాయాల్సిందే. పండగ ఆఫర్లు చివర్లో అక్షరాలుగా వేయండి, అతని నోట చెప్పించకండి.