పాత సున్నపు గోడకు సిమెంట్ ప్యాచ్ పడదా?

చిత్తూరులో మా తాతల నాటి గానుగసున్నం ఇల్లు. పెచ్చులూడిన చోట సిమెంట్ పూయిస్తే ఇప్పుడు దాని పైన ఇటుక పొడిగా రాలుతోంది. ఎందుకు?

సిమెంట్ పూత గోడలోని తేమను బయటికి పోనివ్వదు, అందుకే. పాత ఇళ్ల పునాదిలో తేమను ఆపే పొర సాధారణంగా ఉండదు. నేలలోని తడి ఇటుకల గుండా పైకెక్కి, సున్నపు పూతలోని సన్నని రంధ్రాల్లోంచి ఆరిపోతుంటుంది. సిమెంట్ ఆ దారి మూసేస్తే తడి ఇంకా పైకి పాకుతుంది. అది ఆరే చోట, వెంట తెచ్చిన ఉప్పు ఇటుక లోపలే పేరుకుని, ఉబ్బి, దాన్ని పొడి చేస్తుంది.

ఉదాహరణకు, నేల నుంచి మూడడుగుల వరకు సిమెంట్ పూశారనుకోండి. కొన్ని వానాకాలాలు గడిచాక నాలుగో అడుగులో తెల్లటి పొంగు కనిపిస్తుంది. కింద ప్యాచ్‌ను వేలితో తడితే డొల్లగా మోగుతుంది.

'సిమెంట్ గట్టిది, కాబట్టి మంచిది' అనుకోవడమే ఇక్కడ పొరపాటు. పూత ఇటుక కంటే మెత్తగా ఉండాలి; అరిగితే అదే అరగాలి, దాన్ని మళ్లీ పూసుకోవచ్చు, ఇటుకను అంత తేలిగ్గా మార్చలేం.

సిమెంట్‌ను మెల్లగా చెక్కించి, గోడను బాగా ఆరనివ్వండి. తర్వాత ఉప్పును పొడి బ్రష్‌తో దులిపి, గోడ తడిపి, ఒక పాలు నానబెట్టిన సున్నానికి మూడు పాళ్ల ఇసుక కలిపి పలుచని పొరలుగా పూయించండి. మన ఎండకు త్వరగా ఆరి పగుళ్లిస్తుంది, కొన్నాళ్లు తడి గోనె కట్టి ఉంచాలి.