ఎవరి పిల్లలు ఎవరికి: యువ రచయితకు లేఖ

తమ్ముడూ,

హాలీవుడ్ నటి ఎలిజబెత్ టేలర్ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. సినిమాల భాగం బాగుంది, దాన్ని ముట్టుకోకు. సంసారం దగ్గరికొచ్చేసరికే అంతా కలగాపులగమైంది. ఒకచోట ఏడుగురు భర్తలన్నావు, ఇంకోచోట ఎనిమిది పెళ్లిళ్లన్నావు. నిజానికి రెండూ సరైనవే. రిచర్డ్ బర్టన్‌ని ఆమె రెండుసార్లు చేసుకుంది: 1964 మార్చిలో ఒకసారి, 1974లో విడాకులయ్యాక 1975 అక్టోబరులో బోట్స్వానాలో మరోసారి. ఈ సంగతి రాయకుండా రెండు అంకెలూ వేస్తే పాఠకుడు అచ్చుతప్పు అనుకుంటాడు.

అందుకే కాగితం మీద మనిషికో వరస కాదు, పెళ్లికో వరస గియ్యి. పెళ్లి తేదీ, అది ముగిసిన తేదీ, ఎలా ముగిసింది: ఈ మూడు గళ్లు చాలు. మూడో గడిలో 'విడిపోయారు' అని రాయకు. వేరుగా ఉండటం ఒకటి, విడాకులు ఒకటి, చావు ఒకటి. ఆ గడి నింపితే తెలుస్తుంది, టేలర్ ఎనిమిది పెళ్లిళ్లలో ఏడు విడాకులతో ముగిశాయి, మైక్ టాడ్‌తో పెళ్లి ఒక్కటే 1958 మార్చి 22న ఆయన విమాన ప్రమాదంలో పోవడంతో ముగిసింది. అంటే ఆమె భర్తను పోగొట్టుకున్నది ఒక్కసారే. 1984లో బర్టన్ పోయినప్పుడు 'ఆయన భార్య టేలర్' అని రాశావు. అప్పటికి ఎనిమిదేళ్ల ముందే ఆ రెండో పెళ్లి కూడా విడాకులతో ముగిసింది. భర్త పోయినది శాలీ హేకి. ఆయన ఆవిడను 1983లో చేసుకున్నాడు.

పిల్లలకు వేరే కాగితం తియ్యి. పుట్టిన తేదీ, కన్నతల్లి, కన్నతండ్రి, దత్తత ఉంటే ఎవరు తీసుకున్నారన్నది. తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టు. మైకేల్ 1953 జనవరిలో, క్రిస్టఫర్ 1955 ఫిబ్రవరిలో పుట్టారు. ఇద్దరూ మైకేల్ వైల్డింగ్‌తో కాపురం ఉన్న రోజుల్లోనే కాబట్టి ఏ పేచీ లేదు.

లైజా దగ్గర ఆగాలి. ఆమె పుట్టింది 1957 ఆగస్టు 6న. వైల్డింగ్‌తో విడాకులు అదే ఏడాది జనవరి చివర్లో వచ్చాయి, టాడ్‌తో పెళ్లి ఫిబ్రవరి 2న. వేళ్ల మీద నెలలు లెక్కపెడితే పెళ్లికీ పుట్టుకకూ ఆరు నెలలే తేడా. తొమ్మిది నెలలు వెనక్కి వెళ్తే చట్టప్రకారం టేలర్ ఇంకా వైల్డింగ్ భార్యే. తేదీలనే నమ్ముకున్నవాడు ఇక్కడే లైజాను వైల్డింగ్ ఖాతాలో వేస్తాడు. తేదీలు మనకు ప్రశ్న మాత్రమే ఇస్తాయి. తండ్రి ఎవరన్నది ఆ కుటుంబమే బహిరంగంగా ఒప్పుకున్న మాట: లైజా టాడ్ కూతురు. ఇంత స్పష్టంగా ఉన్నచోట 'ఆరు నెలలకే' అంటూ కొంటెగా ఒక వాక్యం తగిలించడం నాకు నచ్చదు. తేదీలు రెండూ వేసి ఊరుకో.

మరియా 1961లో జర్మనీలో పుట్టింది. టేలర్ కన్నబిడ్డ కాదు. దత్తత ప్రయత్నం ఎడీ ఫిషర్ భర్తగా ఉన్నప్పుడు మొదలైంది, ఆ పిల్లకు చివరికి దక్కింది బర్టన్ ఇంటిపేరు. లైజాను కూడా బర్టన్ దత్తత తీసుకున్నాడు. కాబట్టి 'బర్టన్‌తో ఇద్దరు కూతుళ్లు' అన్న నీ వాక్యం చెల్లదు, టేలర్‌కూ బర్టన్‌కూ కలిసి కన్నబిడ్డ ఒక్కరూ లేరు. బర్టన్ కన్న కూతుళ్లు కేట్, జెస్సికా. వాళ్ల తల్లి ఆయన మొదటి భార్య సిబిల్. 'దత్తత' అన్న ఒక్క మాట చేరిస్తే నీ వాక్యం నిలబడుతుంది.

ఇక భర్తల పాత సంసారాలు. వాటినీ అదే పద్ధతిలో గీసుకోవాలి, లేకపోతే పేర్లు నిన్ను ముంచేస్తాయి. టాడ్ ఫిషర్ పేరు చూసి మైక్ టాడ్ కొడుకనుకున్నావు. కాదు, ఎడీ ఫిషర్‌కు డెబ్బీ రేనాల్డ్స్ కన్న కొడుకు. 1958 ఫిబ్రవరిలో పుడితే స్నేహితుడు మైక్ టాడ్ పేరు పెట్టుకున్నారు. మైక్ టాడ్‌కు మొదటి భార్య వల్ల కొడుకున్నాడు, మైక్ టాడ్ జూనియర్, 1929లో పుట్టాడు. టేలర్ పుట్టింది 1932లో. సవతి తల్లి కంటే కొడుకే పెద్ద! వయసులు చూసి అతన్ని తమ్ముడో మరిదో అనుకునే ప్రమాదం ఉంది.

వాక్యం రాసేటప్పుడు 'మూడో భర్త కూతురు' అనకు. ఆ మాటకు ఆయన పాత పెళ్లి సంతానమనీ అర్థమొస్తుంది, టేలర్ కన్న బిడ్డనీ అర్థమొస్తుంది. 'మైక్ టాడ్ వల్ల టేలర్‌కు పుట్టిన లైజా' అని తల్లి, తండ్రి ఇద్దరి పేర్లూ పెట్టు. 'ఐదో భర్త' అన్నప్పుడు కూడా పేరు వెంట ఉండాలి, ఎందుకంటే బర్టన్ తర్వాత వచ్చిన జాన్ వార్నర్ భర్తల లెక్కలో ఆరోవాడు, పెళ్లిళ్ల లెక్కలో అతనితో జరిగింది ఏడోది.

రెండు కాగితాలూ గీసి, వ్యాసంతో పాటు నాకు పంపు.

ఇట్లు,
నీ అన్న